వైరు వంచితేనే చార్జింగ్ ఎక్కుతోందా? తప్పు వైరుదా, జాక్‌దా తేల్చుకునే పద్ధతి

ప్రశ్న: నా ఫోన్ టైప్-సి, కొని రెండేళ్లు దాటింది. వైరు పెట్టి కాస్త పైకి ఎత్తి ఉంచితేనే చార్జింగ్ ఎక్కుతోంది, వదిలేస్తే ఆగిపోతోంది. రూమ్మేట్ వైరు పెట్టినా కొంచెం అటూ ఇటూ కదపాల్సి వస్తోంది. షాపులో సరిగా చూడకుండానే జాక్ మార్చాలన్నారు. ఇంట్లోనే తేల్చుకునే దారి ఉందా?

సమాధానం:

ఉంది. పెద్ద పనిముట్లేమీ అక్కర్లేదు, పావుగంట ఓపిక చాలు. జాక్ మార్పించే నిర్ణయం మాత్రం అప్పటిదాకా ఆపండి.

వైరు ఎత్తి పట్టుకున్నప్పుడు ఒకేసారి రెండు కదలికలు జరుగుతాయి. పిన్ను వెనక మెడ దగ్గర వైరు వంగుతుంది. దాంతోపాటు పిన్ను కూడా జాక్ లోపల కాస్త వాలుతుంది. వైరు లోపల తీగ తెగి ఉంటే మొదటి కదలిక వల్ల చార్జింగ్ వస్తుంది. పిన్నుకీ జాక్‌కీ మధ్య పట్టు లేకపోతే రెండో కదలిక వల్ల వస్తుంది. చేత్తో ఎత్తినప్పుడు రెండూ కలిసే జరుగుతాయి కాబట్టి ఏది పనిచేసిందో తెలియదు. ఆ రెండింటినీ విడదీసి చూడటమే అసలు పరీక్ష.

మొదలుపెట్టే ముందు కొన్ని చూసుకోండి. బ్యాటరీ 20 నుంచి 70 శాతం మధ్యలో ఉండాలి. నిండుకు దగ్గరపడినప్పుడు, ఫోన్ బాగా వేడెక్కినప్పుడు చార్జింగ్‌ను ఫోనే తగ్గిస్తుంది, ఆపుతుంది కూడా, అది చూసి వైరు మీద అనుమానం పెట్టుకుంటాం. వెనక కవరు తీసేయండి. మందమైన కవరుకు కన్నం చిన్నదైతే పిన్ను పూర్తిగా లోపలికి దిగదు. గోడ సాకెట్ కూడా చూడండి. మన ఇళ్లలో పాత బోర్డుల్లో అడాప్టర్ వదులుగా వేలాడుతుంటుంది. మంచం మీద నుంచి వైరు లాగితే అక్కడ అడాప్టర్ కదిలి చార్జింగ్ పోతుంది, మనం ఇక్కడ ఫోన్‌ను తిట్టుకుంటాం. అడాప్టర్ గట్టిగా కూర్చునే సాకెట్‌లో పెట్టండి. వైరు అవతలి కొన అడాప్టర్‌లో ఎలా ఉందో కూడా ఒకసారి కదిపి చూడండి.

ఇక ఫోన్‌ను బల్ల మీద వెల్లకిలా పెట్టి, స్క్రీన్ వెలిగించి, చార్జింగ్ గుర్తు కనబడేలా ఉంచండి. పిన్ను పెట్టి, ఎలా ఉంటే చార్జింగ్ ఎక్కుతుందో ఆ స్థితిలోకి తెచ్చుకోండి. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలితో పిన్ను ప్లాస్టిక్ భాగాన్నీ ఫోన్ అంచునూ కలిపి పట్టుకోండి. పిన్ను ఇసుమంత కూడా కదలకూడదు. ఇప్పుడు కుడిచేత్తో వైరును మాత్రమే, మెడ దాటిన చోట, పైకి, కిందికి, పక్కలకు మెల్లగా వంచండి. ప్రతి వంపులోనూ రెండు మూడు సెకన్లు ఆగండి. తెగిన కరెంటు మళ్లీ వచ్చినా గుర్తు కనబడటానికి ఫోన్‌కి కాస్త సమయం పడుతుంది. గబగబా ఊపితే ఏ వంపుకి పోయిందో, ఏ వంపుకి వచ్చిందో కలిసిపోతాయి. మెడ దగ్గర అయ్యాక కొంచెం కొంచెం వెనక్కి జరుగుతూ వైరు మొత్తం అలాగే చూసి, అడాప్టర్ వైపు మెడను కూడా వంచి చూడండి. పిన్ను కదలకుండానే గుర్తు వచ్చి పోతుంటే తప్పు వైరుదే.

రెండో పరీక్ష దీనికి తిరగేసి. వైరును వదులుగా బల్ల మీద వదిలేయండి, ఎక్కడా లాగుడు ఉండకూడదు. పిన్ను ప్లాస్టిక్ భాగాన్ని మాత్రమే పట్టుకుని పైకి, కిందికి, కుడికి, ఎడమకి మెత్తగా నొక్కండి. తలుపు గడియ కదిపినంత బలం వద్దు. టైప్-సి జాక్ మధ్యలో ఉండే పలక, దాన్ని నాలుక అందాం, మందం 0.7 మిల్లీమీటర్లే. పరీక్ష పేరుతో దాన్ని విరిచేస్తే లేని జబ్బు తెచ్చుకున్నట్టు. ఈ కదలికకు గుర్తు వచ్చి పోతుంటే తప్పు పిన్నూ జాక్ కలిసే చోట ఉంది. జాక్ పోయిందని ఇంకా తేలలేదు, కలిసే చోట అని మాత్రమే తేలింది. షాపుల్లో చాలామంది తొందరపడేది ఇక్కడే.

వైరు ఎందుకు మెడ దగ్గరే తెగుతుందో చెబుతాను, ఎందుకంటే తెగిన వైరు కొన్నాళ్లు పనిచేస్తూనే ఉంటుంది, అది ప్రమాదం. లోపల కరెంటు మోసే తీగ ఒకే కమ్మీ కాదు, సన్నని రాగి పోగుల కట్ట. గట్టి ప్లాస్టిక్ అయిపోయి మెత్తని వైరు మొదలయ్యే చోట వంపు అంతా పడుతుంది. పడుకుని ఫోన్ గుండె మీద పెట్టుకుని చూసేవాళ్లకి వైరు అక్కడ మడతపడి ఉంటుంది. ఒక్కో పోగే తెగుతూ పోతుంది. పైతొడుగు మాత్రం బాగానే కనిపిస్తుంది. మిగిలిన కొద్ది పోగుల మీదే కరెంటంతా వెళ్లాలి కాబట్టి ఆ చోట వేడి పుడుతుంది. 3 ఆంపియర్లు వెళ్లే వైరులో ఒక్క చోట 0.1 ఓం అడ్డు పెరిగిందంటే దాదాపు 0.9 వాట్ అక్కడే వేడిగా మారుతుంది. పావుగంట చార్జింగ్ అయ్యాక మెడను వేళ్లతో తడిమి చూడండి. వైరు మిగతా భాగం మామూలుగా ఉండి అక్కడ మాత్రం వెచ్చగా ఉంటే ఆ వైరును ఇక వాడొద్దు. టేపు చుట్టడం వల్ల ఉపయోగం లేదు, టేపు తొడుగును పట్టుకుంటుంది గానీ తెగిన రాగిని కలపదు.

ఇప్పుడు కలిసే చోటు సంగతి. మీ విషయంలో రూమ్మేట్ వైరుతోనూ కదపాల్సి వస్తోందన్నారు కాబట్టి నా అనుమానం ఎక్కువగా ఇటే ఉంది. పిన్ను వదులుగా ఉంటే జాక్ వదులైందని అందరూ అనుకుంటారు. టైప్-సిలో మాత్రం పట్టుకునే స్ప్రింగులు ఉండేది వైరు వైపు పిన్ను లోపల. పిన్నుకు రెండు పక్కలా ఉన్న చిన్న స్ప్రింగులు జాక్ నాలుక పక్కన ఉన్న గంట్లలో పడతాయి, మనకు వినబడే ఆ ‘టిక్’ అదే. కరెంటు తాకే రేకుల్లోనూ స్ప్రింగుగా వంగేవి పిన్నులోవే, జాక్ నాలుక మీద ఉన్నవి కదలని పట్టీలు. అంటే రోజూ పెట్టి తీయడంలో అరుగుదల ఎక్కువగా వైరు మీదే పడేలా దీన్ని తయారు చేశారు. పాత మైక్రో యూఎస్‌బీలో కూడా పట్టుకునే కొక్కేలు వైరు వైపే ఉండేవి. పాత ఐఫోన్ల లైట్నింగ్ మాత్రం దీనికి తిరగేసి, స్ప్రింగులు ఫోన్ లోపల ఉంటాయి. అందుకే టైప్-సి ఫోన్‌లో వదులుతనం ఒక్కటే చూసి జాక్ పోయిందని చెప్పడం సరికాదు. రెండేళ్లు వాడిన వైరు వదులుగా కదులుతుంటే, గట్టి స్ప్రింగులున్న కొత్త వైరు పెట్టగానే అదే జాక్ బిగుతుగా పట్టుకోవచ్చు.

రూమ్మేట్ వైరు కూడా పాతదే అయి ఉండవచ్చు. కాబట్టి ముందు ఆ వైరు వేరే ఫోన్‌లో నిలకడగా పనిచేస్తోందా చూడండి. ఇంకొకరి ఫోన్‌లో పెట్టి, కదిపినా చార్జింగ్ పోని వైరునే నమ్మదగ్గదిగా తీసుకోండి. అలాగే మీ వైరును కూడా ఆ ఫోన్‌లో పెట్టి చూడండి. మీ వైరు అక్కడా సతాయిస్తే దానికీ రోగం ఉన్నట్టే. అక్కడ నిక్షేపంగా పనిచేసి, మంచి వైరు మీ ఫోన్‌లో సతాయిస్తే లోపం మీ ఫోన్ వైపు ఉంది.

ఫోన్ వైపు అని తేలినా ఇంకా జాక్ మార్చొద్దు. ముందు చూడాల్సింది లోపల పేరుకున్న నూగు. ప్యాంటు జేబులో ఫోన్ పెట్టుకునేవాళ్ల జాక్‌లోకి బట్ట పోగులు, దుమ్ము చేరతాయి. పిన్ను పెట్టిన ప్రతిసారీ ఆ నూగును అడుగుకి నొక్కుతాం, రెండేళ్లలో అది అక్కడ దూదిబిళ్లలా గట్టిపడుతుంది. దాంతో పిన్ను చివరి దాకా దిగదు. స్ప్రింగులు గంట్ల దాకా చేరవు, కాబట్టి టిక్ అనదు, పట్టు ఉండదు, వాలుస్తేనే తాకుతుంది. బయటికి చూస్తే అచ్చంగా జాక్ వదులైనట్టే ఉంటుంది. గుర్తుపట్టడం తేలిక. అదే వైరును వేరే ఫోన్‌లో పెట్టి, పిన్ను ప్లాస్టిక్‌కీ ఫోన్ అంచుకీ మధ్య ఎంత సందు మిగిలిందో చూడండి. తర్వాత మీ ఫోన్‌లో చూడండి. మీ దాంట్లో పిన్ను లోహం ఎక్కువగా బయటికి కనబడుతుంటే అడుగున ఏదో అడ్డుంది.

తీసే పద్ధతి జాగ్రత్తగా ఉండాలి. ఫోన్ పూర్తిగా స్విచాఫ్ చేయండి, వైరు తీసేయండి. జాక్‌లో నాలుకకి పైనా కిందా ఉండే సందు ఒక్కోటి 0.9 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మామూలు టూత్‌పిక్ అందులో దూరదు, బ్లేడుతో పలచగా చెక్కి చదునుగా చేసుకోవాలి. టార్చి వెలుగులో చూస్తూ, నాలుకను తాకకుండా బయటి లోహపు గోడను ఆనుకుని అడుగు దాకా దింపి, మూల నుంచి బయటికి గోకండి. తోస్తే ఇంకా గట్టిపడుతుంది, లాగాలి. రెండు మూలలూ, పైనా కిందా నాలుగు చోట్లా చేయండి. పిన్నీసు, సూది వద్దు. నాలుక మీది పట్టీల పూత గీసుకుపోతే తర్వాత అక్కడే తుప్పు పడుతుంది. నోటితో ఊదొద్దు, తేమ లోపలికి వెళుతుంది. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో ఉంటే టార్చి వేసినప్పుడు పట్టీల మీద పచ్చగా, నల్లగా మరకలున్నాయేమో కూడా చూడండి. అలా ఉంటే అది నూగు కాదు, తుప్పు. షాపులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తని బ్రష్ పెట్టి శుభ్రం చేయించాలి. పట్టీ తినేసి ఉంటే శుభ్రం చేసినా నిలవదు.

నా దగ్గరికి వచ్చిన ఒక ఫోన్ సంగతి చెబుతాను, మీదానికి దగ్గరగా ఉంది. టైలరింగ్ చేసే ఒకావిడ తెచ్చారు. వేరే చోట జాక్ మార్చాలన్నారట. పిన్ను గట్టిగా పట్టుకుని వైరు వంచితే ఏ వైపూ తేడా లేదు, అంటే మెడ బాగుంది. పిన్నును కిందికి నొక్కితే చార్జింగ్ పోతోంది, పైకి ఎత్తితే వస్తోంది. నా దగ్గరున్న కొత్త వైరు పెట్టినా అంతే, కాకపోతే కొంచెం తక్కువ. ఇక్కడ ఆగితే జాక్ పోయిందనే చెప్పాలి. కానీ ఆ వైరు నా ఫోన్‌లో దిగినంత ఆవిడ ఫోన్‌లో దిగడం లేదు, దాదాపు ఒక మిల్లీమీటరు బయటే ఉంటోంది. గోకితే గుడ్డ పోగుల ముద్ద వచ్చింది, కుట్టుపని చేసేవాళ్ల ఫోన్‌లో అది వింత కాదు. తర్వాత కొత్త వైరు పెడితే టిక్ అంది, ఎటు నొక్కినా చార్జింగ్ ఆగలేదు. ఆవిడ పాత వైరు పెడితే మాత్రం కిందికి నొక్కినప్పుడు ఇంకా పోతోంది. అదే పాత వైరు నా ఫోన్‌లోనూ అలాగే చేసింది. పిన్ను పూర్తిగా దిగకుండానే నెలల తరబడి వంచి వంచి పెట్టడంతో దాని స్ప్రింగులు వదులైపోయాయి. అంటే నూగు ఒక తప్పు, దాని వల్ల పాడైన వైరు రెండో తప్పు, జాక్‌లో లోపమే లేదు. నూగు తీయకుండా వైరు ఒక్కటే మార్చి ఉంటే కొత్త వైరూ అదే దారి పట్టేది. వైరు మార్చకుండా నూగు ఒక్కటే తీసి ఉంటే శుభ్రం చేసినా బాగుపడలేదని జాక్ మార్చేసేవాళ్లు. అందుకే శుభ్రం చేశాక రెండు వైర్లతోనూ మళ్లీ మొదటి నుంచి పరీక్ష చేయాలంటాను.

టైప్-సిలో ఇంకో మంచి పరీక్ష ఉంది, చాలామంది చేయరు. పిన్నును తిరగేసి పెట్టి చూడండి. జాక్ నాలుకకి పై వరుసలోనూ కింది వరుసలోనూ పట్టీలుంటాయి. ‘వైరు తగిలింది, కరెంటు పంపొచ్చు’ అని అడాప్టర్‌కీ ఫోన్‌కీ మధ్య కబురు చెప్పే తీగ మాత్రం వైరులో ఒక్కటే. ఒకవైపు పెడితే అది జాక్‌లో ఒక పట్టీని తాకుతుంది, తిరగేస్తే రెండో వైపు పట్టీని తాకుతుంది. ఆ తీగ వైరులో తెగిపోతే ఎటు పెట్టినా ఒకేలా ఇబ్బంది రావాలి. ఒకవైపు బాగా ఎక్కి, తిరగేస్తే అసలు ఎక్కకపోయినా, నెమ్మదిగా ఎక్కినా, అదీ రెండు వేర్వేరు మంచి వైర్లతో అలాగే జరిగినా, జాక్‌లో ఒక వరుస పట్టీ పాడైందని, లేదా దాని మీద మురికి ఉందని అర్థం. ఇంతకన్నా స్పష్టంగా ఇంట్లో జాక్ మీద నేరం రుజువు చేసే పరీక్ష నాకు తెలియదు. శుభ్రం చేశాక కూడా ఇదే తేడా ఉంటే అప్పుడు జాక్ మార్చుకోవాల్సిందే.

నిజంగా జాక్ పోయిందని చెప్పే గుర్తు ఇంకొకటి కూడా ఉంది. టార్చి వేసి, పిన్నును మెల్లగా పైకి కిందికి కదుపుతూ జాక్ చుట్టూ ఉన్న లోహపు గూడును చూడండి. పిన్ను ఒక్కటే కదిలి గూడు కదలకపోతే టంకం బాగానే ఉంది. గూడు కూడా ఫోన్ అంచు లోపల పిన్నుతో కలిసి కదులుతుంటే, బోర్డుకి అతికించిన కాళ్ల టంకం చిట్లింది, లేదా లోపల పట్టి ఉంచే స్క్రూ వదులైంది. నాలుక వంగి ఒక పక్కకి ఉన్నా, మధ్యలో లేకపోయినా అదే తీర్పు. చార్జింగ్‌లో ఉన్న ఫోన్ చేయి జారి పిన్ను మీద పడినప్పుడు ఇలా అవుతుంది. ఆ స్థితిలో వైరును దిండుకో పుస్తకానికో ఆనించి వంపులో పెట్టి రాత్రంతా వదిలేయొద్దు. చిట్లిన చోట కరెంటు తగిలీ తగలక వేడెక్కుతుంది. కాలిన వాసన వచ్చినా, జాక్ చుట్టూ ప్లాస్టిక్ రంగు మారినా ఆ క్షణమే తీసేయండి. ఫోటోలు, కాంటాక్టులు వైఫై మీద ముందే బ్యాకప్ తీసుకోండి, జాక్ పూర్తిగా పోయి బ్యాటరీ అయిపోయాక అది కుదరదు.

షాపుకి వెళ్లాల్సి వస్తే, జాక్ ఎక్కడుందో ముందు అడగండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో జాక్ అడుగున ఉండే చిన్న బోర్డు మీద ఉంటుంది, షాపుల్లో సబ్ బోర్డు అనో సీసీ బోర్డు అనో అంటారు. దాన్ని స్క్రూలు విప్పి మొత్తంగా మార్చేయొచ్చు, పని తేలిక. కొన్ని ఫోన్లలో జాక్ నేరుగా మెయిన్ బోర్డు మీదే ఉంటుంది. అప్పుడు వేడిగాలితో పాతది ఊడదీసి కొత్తది టంకం పెట్టాలి, చేయి తిరిగినవాళ్లే చేయాలి, ధర కూడా వేరుగా ఉంటుంది. మీ ఫోన్ ఏ రకమో చెప్పకుండా ముందే ధర చెప్పేవాళ్ల దగ్గర ఇంకో రెండు ప్రశ్నలు వేయండి.

పని అయ్యాక అక్కడే నిలబడి చూసుకోవాల్సినవి ఉన్నాయి. మీ సొంత అడాప్టర్, కొత్త వైరుతో రెండు వైపులా తిరగేసి పెట్టి, ఫాస్ట్ చార్జింగ్ గుర్తు రెండుసార్లూ వస్తోందా చూడండి. చార్జింగ్ ఎక్కుతుంది గానీ ఫాస్ట్ రాదు అంటే ఆ ఫోన్‌కి సరిపడని బోర్డు పెట్టి ఉండొచ్చు. సబ్ బోర్డు మార్చిన చోట ఒకరికి ఫోన్ చేసి మాట్లాడండి. చాలా ఫోన్లలో కింది మైకు ఆ బోర్డు మీదే ఉంటుంది, యాంటెనా తీగ కూడా అక్కడికే వస్తుంది. అది సరిగా తగిలించకపోతే సిగ్నల్ తగ్గుతుంది, ఇంటికి వెళ్లాక గానీ తెలియదు. నీళ్లు తట్టుకునే ఫోన్ అయితే విప్పాక ఆ రక్షణ మునుపటిలా ఉంటుందని నమ్మొద్దు.

మీ ఫోన్ మీద మాత్రం ఈ సాయంత్రం చేయాల్సింది ఇంతే. కవరు తీసి, స్విచాఫ్ చేసి, టార్చి వేసి లోపల చూడండి. నూగు ఉంటే తీసి, వేరే ఫోన్‌లో నిలకడగా పనిచేసే వైరు ఒకటి తెచ్చి టిక్ అంటోందా, తిరగేస్తే ఎలా ఉందో చూసి ఇక్కడ రాయండి. ఫోన్ మోడల్ కూడా రాస్తే జాక్ ఏ బోర్డు మీద ఉందో చెబుతాను.